పీఎస్‌యూకి అప్లై చేస్తున్నారా? తేదీలు గుర్తున్నట్టు రాయకండి, రిలీవింగ్ లెటర్ చూసి దించండి

మొన్న మా బంధువుల అబ్బాయి ఒకడు పీఎస్‌యూ పోస్టుకి రాత పరీక్ష పాసై, సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌లో ఆగిపోయాడు. ప్రైవేటులో మంచి పేరున్న మెయింటెనెన్స్ ఇంజినీరు. ఇంటర్వ్యూ దాకా వెళ్తే సీటు కొట్టేవాడేమో. అక్కడిదాకా వెళ్లనే లేదు. ఈ సీజన్‌లో అనుభవం అడిగే నోటిఫికేషన్లకి ప్రైవేటు నుంచి అప్లై చేస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేను వెరిఫికేషన్ బల్లకి అటువైపు కూర్చుని పనిచేసినవాణ్ని. ఫాంట్లు, ఫొటో, ఒక పేజీయా రెండు పేజీలా అనే సంగతులు ఇక్కడ ఉండవు.

ముందు, వాళ్లు ఎలా చదువుతారో

ప్రైవేటులో హెచ్‌ఆర్ మీ రెజ్యూమె చూసి 'ఈ మనిషిని పిలిచి మాట్లాడదామా' అని ఆలోచిస్తారు. పీఎస్‌యూలో ఆ ప్రశ్నే లేదు. బల్ల మీద ఒక పక్క నోటిఫికేషన్ ఉంటుంది, ఇంకో పక్క మీరు ఆన్‌లైన్లో నింపిన దరఖాస్తు ఉంటుంది, మధ్యలో మీ కాగితాలు. అర్హత నిబంధన ఒక్కొక్కటే చదివి, దానికి రుజువు ఏ కాగితంలో ఉందో చూసి టిక్ పెడతారు. కాగితం లేకపోతే టిక్ పడదు. చూసేవాళ్లకి మీ మీద కోపమూ ఉండదు, జాలీ ఉండదు. రేపు ఆడిట్‌లోనో విజిలెన్స్‌లోనో 'ఇతన్ని ఎలా అర్హుడన్నారు' అని అడిగితే చూపించడానికి వాళ్లకి కాగితం కావాలి.

హాల్‌టికెట్ వచ్చింది కదా, అంటే అర్హత ఒప్పుకున్నట్టే అనుకోకండి. అప్పటిదాకా మీరు నింపినదాన్ని నమ్మి పరీక్షకి రానిస్తారు, అంతే. అసలు చదవడం వెరిఫికేషన్ రోజునే మొదలవుతుంది.

మనుషుల్ని ముంచే తప్పు

ప్రైవేటు రెజ్యూమెలో మనం '2019–2021, 2021–ప్రస్తుతం' అని రాసుకుంటాం. మధ్యలో రెండు వారాల ఖాళీ ఉంటే అది కనపడదు, ఎవరూ అడగరు. పీఎస్‌యూ పోర్టల్ మాత్రం రోజు, నెల, సంవత్సరం మూడూ అడుగుతుంది. రోజు గుర్తుండదు. అందరూ ఏం చేస్తారు? నెల మొదటి తారీఖు ఒకటి, చివరి తారీఖు ఒకటి కొట్టేస్తారు.

మావాడు చేసిందీ అదే. నోటిఫికేషన్ అడిగింది, డిగ్రీ తర్వాత 31-05-2024 నాటికి 5 ఏళ్ల అనుభవం. వాడు మొదటి ఉద్యోగం 01-06-2019 నుంచి 30-09-2021 అని, రెండోది 01-10-2021 నుంచి ఇప్పటిదాకా అని నింపాడు. కూడితే సరిగ్గా 5 ఏళ్లు. పోర్టల్ తీసుకుంది.

కాగితాల్లో ఉన్నది వేరు. మొదటి కంపెనీ సర్టిఫికెట్‌లో చేరిక 17-06-2019, రిలీవ్ 24-09-2021. అంటే 2 ఏళ్ల 3 నెలల 8 రోజులు. రెండో కంపెనీలో చేరింది 11-10-2021. అక్కణ్నుంచి 31-05-2024 దాకా 2 ఏళ్ల 7 నెలల 21 రోజులు. మొత్తం 4 ఏళ్ల 10 నెలల 29 రోజులు. మొదట్లో 16 రోజులు, మధ్యలో 16 రోజులు, కలిపి 32 రోజులు తక్కువ. వెరిఫికేషన్ జరిగిన రోజుకి వాడికి 5 ఏళ్లు ఎప్పుడో దాటాయి. కానీ లెక్క కటాఫ్ తేదీకే.

వాడు దొంగలెక్క రాయలేదు. గుర్తున్నట్టు రాశాడు. అవతలివాళ్లకి మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి: దరఖాస్తులో ఒకటి, కాగితంలో ఇంకొకటి. అందుకే మళ్లీ చెబుతున్నాను, రిలీవింగ్ లెటర్ ముందు పెట్టుకుని తేదీలు దించండి. ఆఫర్ లెటర్ చూసి కాదు. ఆఫర్ లెటర్‌లో ఉన్న తేదీకి మీరు చేరి ఉండకపోవచ్చు.

ఈపీఎఫ్ పోర్టల్లో మీ సర్వీస్ హిస్టరీ కూడా తెరిచి చూడండి. చేరిన తేదీ, మానేసిన తేదీ కంపెనీవాళ్లు ఎక్కించినవి అక్కడ ఉంటాయి. అవి సర్టిఫికెట్‌తో కలవకపోతే ఇప్పుడే పాత హెచ్‌ఆర్‌ వెంటపడి సరిచేయించండి. నోటిఫికేషన్ పడ్డాక టైము చాలదు.

పని, హోదా, జీతం

హోదా సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలాగే రాయండి. లింక్డ్ఇన్‌లో 'రిలయబిలిటీ లీడ్' అని పెట్టుకుని ఉండొచ్చు, కాగితంలో 'అసిస్టెంట్ ఇంజినీర్' అని ఉంటే అదే మీ హోదా. మీరు చేసిన పనిని మాత్రం నోటిఫికేషన్ మాటల్లోకి మార్చండి. వాళ్లు 'ఆపరేషన్ అండ్ మెయింటెనెన్స్' అంటే మీరూ ఆ మాటే వాడండి, నిజంగా చేసి ఉంటే. చాలా రిలీవింగ్ లెటర్లలో పని గురించి ఒక్క ముక్క ఉండదు. ఏ విభాగంలో ఏం పని చేశారో రాసి, లెటర్‌హెడ్ మీద సంతకం పెట్టి ఇమ్మని విడిగా అడిగి తీసుకోండి.

రామగుండంలోనో సింహాద్రిలోనో ప్లాంటు లోపల పనిచేసినా, జీతం ఇచ్చింది కాంట్రాక్టర్ అయితే మీ యజమాని కాంట్రాక్టరే. యజమాని గడిలో ఎన్‌టీపీసీ అని రాస్తే అది తప్పుడు సమాచారం కిందికి వస్తుంది.

కొన్ని నోటిఫికేషన్లు ప్రైవేటువాళ్లకి కనీస సీటీసీ అడుగుతాయి. చాలామంది ఫారం 16 చాలనుకుంటారు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ లాంటివి మామూలుగా దాన్లో కనపడవు, అంకె తక్కువ వస్తుంది. సీటీసీ విడదీసి చూపే లెటర్ హెచ్‌ఆర్ దగ్గర తీసుకుని ఫారం 16కి జత చేయండి.

ఇక మిగతావి, వరసగా

- కటాఫ్ తేదీ ఏదో నోటిఫికేషన్లో వెతకండి. కొన్నిట్లో అప్లికేషన్ల చివరి రోజు, కొన్నిట్లో వేరే తేదీ.
- ట్రైనీ, అప్రెంటిస్ కాలం లెక్కకొస్తుందో లేదో చదవండి. రాదంటే కూడొద్దు.
- డిగ్రీ ఫలితాల ముందు చేసిన ఉద్యోగం కూడొద్దు.
- పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే. అక్కడ ఇంటిపేరు పూర్తిగా ఉండి ఆధార్‌లో ఒక్క అక్షరమే ఉంటే, ముందు ఆధార్ మార్పించండి.
- సీజీపీఏని సొంతంగా పదితో గుణించొద్దు. యూనివర్సిటీ ఇచ్చిన మార్పు సూత్రం, దాని కాగితం కావాలి.
- ఓబీసీ అయితే కేంద్ర ప్రభుత్వ ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్. రాష్ట్ర ఉద్యోగాలకి తీసుకున్నది పట్టుకుని వెళ్లొద్దు.
- కంపెనీ విలీనమై పేరు మారిందా? పాత పేరు, కొత్త పేరు రెండూ రాయండి. మార్పు చూపించే కాగితం పెట్టండి.
- 'మూడు కోట్లు ఆదా చేశాను' లాంటి లైన్లు తీసేయండి. ఇంటర్వ్యూలో చెప్పుకోండి.
- 'ఐదేళ్లకు పైగా' అని ఎక్కడా రాయొద్దు. ఏళ్లు, నెలలు, రోజులు.
- ఇప్పుడున్న కంపెనీ అనుభవ సర్టిఫికెట్ ఇవ్వనంటే, అపాయింట్‌మెంట్ లెటర్, తాజా పేస్లిప్పులు. అవి చెల్లుతాయని నోటిఫికేషన్లో ఉందో లేదో చూసుకున్నాకే.
- మధ్యలో ఖాళీ ఉంటే ఖాళీగానే వదలండి. ఖాళీ ఉన్నందుకు ఎవరూ తీసేయరు, పూడ్చినందుకు తీసేస్తారు.
- అప్‌లోడ్ చేసిన రెజ్యూమెలో తేదీలు, పోర్టల్లో తేదీలు ఒకటేనా? పక్కపక్కన పెట్టి చూడండి.
- సబ్మిట్ నొక్కేముందు మళ్లీ రిలీవింగ్ లెటర్ తీయండి. ఒక్కో తేదీ మీద వేలు పెట్టి సరిచూడండి.
- 32 రోజులు కాదు, ఒక్క రోజు తగ్గినా ఆ పోస్టు వదిలేసి తర్వాతి నోటిఫికేషన్‌కి వేయండి.