లన్, లమ్ తర్వాత క్రియ చివర ఏముండాలి?

అరబిక్ చదువుతుంటే క్రియను వ్యతిరేకార్థంలోకి మార్చే లన్, లమ్ అనే మాటలు కనబడిన ప్రతిసారీ క్రియ చివర ఏ అచ్చు పెట్టాలో తేలక ఆగిపోయేదాన్ని. ఇప్పుడు ఒకే క్రియను మూడు వరుసల్లో రాసుకుని పైకి చదువుతున్నా: యక్తుబు అంటే రాస్తాడు, లన్ యక్తుబ అంటే ఇకమీదట రాయడు, లమ్ యక్తుబ్ అంటే రాయలేదు. క్రియకు ముందు వచ్చే అన్, కై అనే మాటలు కూడా లన్ లాగే చివర 'అ' తెస్తాయి, లమ్ మాత్రం అచ్చునే తీసేస్తుంది. 'వాళ్ళు' అని మగవాళ్ళ గురించి చెప్పేటప్పుడు ఇంకా తేలిక, యక్తుబూన కాస్తా లన్, లమ్ రెండింటి తర్వాతా 'న' పోయి యక్తుబూ అవుతుంది.

'లా' దగ్గర మాత్రం జాగ్రత్త. లా తక్తుబ్ అంటే రాయకు, లా తక్తుబు అంటే నువ్వు రాయవు. అచ్చు గుర్తులు లేని పాఠంలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, అక్కడ సందర్భం చూసుకోవాల్సిందే.