రిమైండర్ మోగుతోంది, పని మాత్రం జరగట్లేదు: రెండు వారాల్లో సరిచేసుకోవడం

ముందు ఒకటి తేల్చుకోండి. అసలది మోగుతోందా? చాలామంది ఇది చూడకుండానే టైములు మార్చేస్తుంటారు. యాప్‌కి నోటిఫికేషన్ అనుమతి ఉందా, ఆ సమయానికి డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉందా, బ్యాటరీ సేవర్ యాప్‌ని నిద్రపుచ్చుతోందా చూడండి. ఐదు నిమిషాల తర్వాతికి ఒక రిమైండర్ పెట్టి, ఫోన్ లాక్ చేసి పక్కన పెడితే తెలిసిపోతుంది.

మోగుతుంది, తోసేస్తున్నారు, తర్వాత మర్చిపోతున్నారు

దీన్ని బద్ధకం అనుకుంటారు. చాలాసార్లు కారణం అది కాదు. పని ఎప్పుడు చేయాలో ఆ టైముకి రిమైండర్ పెట్టారు గానీ, అప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయో లేదో చూసుకోలేదు. చేయలేని వేళ మోగితే బొటనవేలికి తోసేయడమే అలవాటవుతుంది. కొన్నాళ్లకి అన్ని రిమైండర్లనూ చదవకుండానే తోసేస్తారు.

ఇది బయటపడకపోవడానికి కారణం టిక్. గంట ఆలస్యంగా చేసినా టిక్ పడుతుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే మొదటి వారం ఏమీ మార్చకుండా, ప్రతి రిమైండర్ పక్కనా ఒక అక్షరం రాయండి: పది నిమిషాల్లో చేస్తే "వె" (వెంటనే), ఆలస్యమైతే "ఆ", పక్కన చేసిన టైము, చేయకపోతే "లే", మోగేసరికే అయిపోయి ఉంటే "ము" (ముందే).

ఉదయం 7:00కి మొక్కలకు నీళ్లు అని పెట్టారనుకోండి. ఏడు రోజుల్లో "వె" ఒకటి, "ఆ" నాలుగు, "లే" రెండు. టిక్‌లు చూస్తే ఏడు రోజులకి ఐదు, బాగానే ఉందనిపిస్తుంది. కానీ ఆలస్యమైన నాలుగు రోజులూ నీళ్లు పోసింది 7:40, 7:50 మధ్యే. పిల్లల్ని బయటికి పంపాక దొరికే సమయం అది. రిమైండర్‌ని 7:40కి జరపండి. రెండో వారం "వె"లు నాలుగు దాటితే అక్కడే ఉంచండి. టైము జరిపిన వారమే టోన్ కూడా మార్చకండి, ఏది పనిచేసిందో తెలియదు.

ఆలస్యపు టైములు రోజుకో రకంగా ఉంటే జరిపి లాభం లేదు. రోజూ తప్పకుండా చేసే ఇంకో పనికి దాన్ని కట్టేయండి. "కాఫీ కప్పు కడిగాక" లాగా.

"ము"లే ఎక్కువ

ఏడు రోజుల్లో ఐదు "ము"లుంటే రెండో వారం దాన్ని ఆఫ్ చేయండి, డిలీట్ వద్దు. పని ఆగకపోతే 14వ రోజున తీసేయండి. మందుల రిమైండర్లకు ఈ లెక్క వర్తించదు. ఎన్ని "ము"లున్నా ఉంచండి, డాక్టర్ చెప్పిన వేళ మార్చకండి.

కొన్ని రోజులే మోగుతోంది

రిపీట్‌లో శని, ఆదివారాలు ఎంచుకోలేదేమో, రోజుకొకటి విడిగా పెట్టి ఉంటే ఏదో ఒకదానికి ఏఎం బదులు పీఎం పడిందేమో చూడండి. చాలాసార్లు అంతకు మించి వెతకక్కర్లేదు.