ఘనం రెసిస్టర్ల లెక్కలో R వస్తోందా? తప్పు మధ్య వరసలో ఉంది

సమస్య: ఘనం 12 అంచుల మీద ఒక్కోటి R ఓమ్‌ల రెసిస్టర్. ఎదురెదురు మూలల మధ్య ఫలిత నిరోధం 5R/6 రావాలి, మీకు R వస్తోంది.

కారణం: కరెంట్ మూడుగా చీలుతుందన్నది మీరు సరిగ్గానే పట్టుకున్నారు. కానీ చివరిదాకా మూడు దారులే ఉన్నట్టు R/3 + R/3 + R/3 అని కూడేశారు. బొమ్మ గీసి చూడండి. కింది ముఖం ABCD, దాని పైన వరసగా EFGH. కరెంట్ A దగ్గర లోపలికి వచ్చి G దగ్గర బయటికి పోతుంది. A నుంచి B, D, E లకు మూడు అంచులు. ఆ మూడింటి నుంచి ముందుకు పోయేవి BC, BF, DC, DH, EF, EH, అంటే ఆరు. తర్వాత C, F, H ల నుంచి G కి మళ్లీ మూడు.

పరిష్కారం: AG ఇరుసుగా ఘనాన్ని 120 డిగ్రీలు తిప్పితే B, D, E ఒకదాని చోటికి ఒకటి వస్తాయి, సర్క్యూట్ మాత్రం ఏమీ మారదు. కాబట్టి ఆ మూడింటి పొటెన్షియల్ ఒకటే. C, F, H లకూ అంతే. ఒకే పొటెన్షియల్ ఉన్నవాటిని తీగతో కలిపేసినా కరెంట్ మారదు. అప్పుడు మిగిలేది సమాంతరంగా మూడు, ఆరు, మూడు రెసిస్టర్లు:

```
R/3 + R/6 + R/3 = 5R/6
```

ఈ మూడు సమాన భాగాల పద్ధతి A నుంచి C కి, అంటే ముఖం కర్ణానికి, పనికిరాదు. అక్కడ AB, AD ఒక తీరు, AE ఇంకో తీరు. దాని జవాబు 3R/4.

సమస్య: 1 కిలో ఓమ్ రెసిస్టర్లతో ఘనం సోల్డర్ చేశారు. ఎదురెదురు మూలల మధ్య మీటర్ 833 ఓమ్‌ల దగ్గర చూపాలి, 1100 చూపుతోంది.

కారణం: రెసిస్టర్ల 5 శాతం టాలరెన్స్ ఇంత తేడా తేలేదు. ఏదో ఒక అంచు తెగిపోయి ఉంటుంది, చాలాసార్లు టంకం సరిగ్గా పట్టకపోవడమే.

పరిష్కారం: నాకు బాగా నచ్చే భాగం ఇదే, సౌష్ఠవమే తప్పును వెతికిపెడుతుంది. ఎదురెదురు మూలలను కలిపే నాలుగు కర్ణాలూ, అంటే AG, BH, CE, DF, కొలవండి. తెగిన అంచు కర్ణం కొసను తాకుతుంటే 1100, మధ్య వరసలో పడితే 900 వస్తుంది. ఒక్క అంచే తెగితే రెండు కర్ణాలు 1100, మిగతా రెండు 900 చూపుతాయి. AG, BH లు 1100 చూపాయనుకోండి. ఆ రెండు కర్ణాల కొసలనూ కలిపే అంచులు AB, GH మాత్రమే. ఇక ఆ రెండింటి మీదే మీటర్ పెట్టండి. తెగినది 1400 చూపుతుంది, బాగున్నది 600. 1400 చూపిన అంచు రెండు కొసల దగ్గరా మళ్లీ టంకం వేడిచేసి, కర్ణం కొలిచి 833 వచ్చిందేమో చూసుకోండి.