ఈల వేసే కుళాయి విప్పే ముందు

కుళాయి కొంచెం తిప్పగానే సుయ్యిమంటుంది. ఇంకాస్త తిప్పితే సన్నటి ఈల అందుకుంటుంది. పూర్తిగా తెరిస్తే ఆ శబ్దం ఆగిపోతుంది. ఈ వరస కనిపిస్తే దోషం దాదాపు ఎప్పుడూ లోపలి రబ్బరు వాషర్‌లోనో, అది కూర్చునే సీటులోనో ఉంటుంది. వాషర్ మార్చడం చిన్న పనే. కానీ ఆ చిన్న పని కోసం పట్టేసిన కుళాయిని బలంగా తిప్పి, టైల్స్ వెనకాల ఉన్న ప్లాస్టిక్ పైపును విరగ్గొట్టుకోవడం ఇళ్లలో తరచూ జరిగేదే. అందుకే విప్పకముందు చూసుకోవాల్సినవే ఎక్కువ.

ఇదంతా రెండు మూడు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోని స్క్రూ కుళాయి గురించి. పావు చుట్టుకే తెరుచుకునే కొత్త రకం కుళాయిల్లో నీటిని ఆపేది సిరామిక్ బిళ్లలు. వాటిలో మార్చడానికి ఇలాంటి వాషర్ ఉండదు, లోపలి భాగాన్ని మొత్తంగా మార్చాల్సిందే.

శబ్దం ఎందుకొస్తుందో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది. అరంగుళం పైపు లోపలి వెడల్పు సుమారు 15 మిల్లీమీటర్లు, అంటే నీరు పోయే దారి 177 చదరపు మిల్లీమీటర్లు. సీటు రంధ్రం 12 మిల్లీమీటర్లు ఉండి, వాషర్ దాని మీద నుంచి 0.3 మిల్లీమీటర్లు మాత్రమే లేచిందనుకోండి. అప్పుడు చుట్టూ ఏర్పడే సందు మొత్తం కలిపినా సుమారు 11 చదరపు మిల్లీమీటర్లే, పైపు దారిలో దాదాపు పదహారో వంతు. అంత సన్నని సందులోంచి నీరు విపరీతమైన వేగంతో దూసుకొస్తుంది. అక్కడ ఒత్తిడి పడిపోయి సన్నని బుడగలు పుట్టి, కాస్త ముందుకెళ్లగానే చితికిపోతాయి. సుయ్యిమనే శబ్దంలో చాలా భాగం అదే. ఈల సంగతి వేరు. దానికి ఏదో ఒకటి వణకాలి. అంచు చిరిగి రెక్కలా వేలాడే వాషర్ గానీ, వదులైన వాషర్ బిళ్ల గానీ ఆ వేగానికి వణికి రాగం తీస్తుంది. శబ్దం గరగరమని మోత మోగుతూ పైపు కూడా అదిరితే వాషర్‌ను పట్టి ఉంచే నట్టు వదులైందని అనుమానించాలి.

అయిదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో కింది వాళ్ల కుళాయి కూస్తుంటే, అలాంటి వాషరే ఉన్న పై వాళ్ల కుళాయి కిక్కురుమనకపోవడానికి కారణం కూడా ఇదే. ట్యాంకులో నీటి మట్టానికి, కింది ఇంటి కుళాయికి మధ్య 17 మీటర్ల ఎత్తుంటే సన్నని సందులో నీటి వేగం సెకనుకు 18 మీటర్ల దాకా పోతుంది. ట్యాంకుకు 3 మీటర్ల కిందే ఉన్న పై అంతస్తులో అది 8 మీటర్లు కూడా దాటదు. కాబట్టి కింది అంతస్తుల వాళ్లు వాషర్ అరుగుదలను ముందే పట్టించుకోవాలి. ఆ వేగంతో వచ్చే నీరు సన్నని ధారగా ఏళ్ల తరబడి కారితే ఇత్తడి సీటునే కోసి గాడి చేస్తుంది. గాడి పడ్డాక ఎన్ని కొత్త వాషర్లు వేసినా ఉపయోగం ఉండదు.

విప్పే ముందు శబ్దం ఆ కుళాయిదేనని తేల్చుకోండి. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను కుళాయి బాడీకి ఆనించి, పిడిని చెవి దగ్గర ఎముకకు ఆనిస్తే ఎక్కడ గట్టిగా వినిపిస్తే అక్కడిదే. కుళాయి పూర్తిగా తెరిచినా ఈల ఆగకపోతే దానికి ముందున్న వాల్వ్ సగమే తెరిచి ఉందేమో చూడండి. ఫ్లష్ ట్యాంకులో బంతి వాల్వ్ నిండబోయేటప్పుడు చేసే చప్పుడు కూడా గోడ వెంబడి వచ్చి కుళాయిదిలా మోసం చేస్తుంది.

నీళ్లు ఆపే చోట తొందర వద్దు. ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ ఏళ్లుగా తిప్పకపోతే పూర్తిగా మూసుకోదు, బలవంతం చేస్తే దాని స్పిండిల్ తెగుతుంది. మూశాక ఆ లైన్లో అన్నిటికన్నా కింద ఉన్న కుళాయిని తెరిచి, ధార చుక్కలై ఆగేదాకా చూడండి. పది నిమిషాలకూ సన్నగా కారుతూనే ఉంటే విప్పకండి, ముందు ఆ వాల్వ్ సంగతి చూడాలి. వేడినీళ్ల కుళాయి అయితే గీజర్ స్విచ్ కట్టేసి, దానికి చన్నీళ్లు వెళ్లే వాల్వ్ మూయండి. సోలార్ ట్యాంకు నీళ్లకు మీద ఉన్న వాల్వ్‌ను విడిగా మూయాలి. మధ్యాహ్నం ఆ నీళ్లు చేయి కాల్చేంత వేడిగా ఉంటాయి, పొద్దున్నే చేసుకుంటే మేలు. సింకు మూత మూసి గుడ్డ పరవండి, చిన్న స్క్రూ పడితే తిరిగి రాదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. ముందు హ్యాండిల్‌ను తెరిచే వైపు సగం తిప్పి ఉంచండి. మూసిన స్థితిలో విప్పితే వాషర్ సీటుకు గట్టిగా నొక్కుకుని మరలకు అదనపు బిగువు పెడుతుంది. హ్యాండిల్ తీశాక కింద కనిపించే ఆరుమూలల భాగాన్ని స్పానర్‌తో ఎడమవైపు తిప్పాలి. అదే సమయంలో రెండో స్పానర్‌తో కుళాయి బాడీని కదలకుండా ఎదురుగా పట్టుకోండి, మధ్యలో గుడ్డ పెడితే మెరుపు పోదు. ఆ రెండో స్పానర్ లేకపోతే మీ బలమంతా గోడలోని ఎల్బో మీద పడుతుంది. పాత సీపీవీసీ పైపు పెళుసుబారి ఉంటే అక్కడే చిట్లుతుంది, తడి మరకగా బయటపడేది వారం తర్వాత. కదలకపోతే వెనిగర్‌లో నానబెట్టిన గుడ్డను మరల చుట్టూ ఓ గంట చుట్టి ఉంచండి, సుత్తితో కొట్టకండి. అయినా రాకపోతే ప్లంబర్‌ను పిలవండి.

బయటికొచ్చిన వాషర్‌ను పరిశీలించండి. సీటు అచ్చు పడి గుండ్రని లోతు గీత ఉంటే అరిగినట్టే. కొత్తది కొనేటప్పుడు పాతదాన్ని తీసుకెళ్లి అదే వెడల్పు, అదే మందంలో ఇమ్మనండి. సైకిల్ ట్యూబ్ ముక్క కత్తిరించి వేసే అలవాటు మానేయాలి. అది పల్చగా, మెత్తగా ఉండి అంచు మళ్లీ రెక్కలా ఆడుతుంది, ఈల అందువల్లే తిరిగొస్తుంది. వేడినీళ్ల వైపు వేడికి తట్టుకునే రబ్బరే అడగండి. మామూలుది వేడికి ఉబ్బి సందు ఇంకా సన్నబడుతుంది, కుళాయి తెరిచిన కాసేపటికి ధార తగ్గిపోవడం దానికి గుర్తు.

సీటు మీద వేలి కొనను గుండ్రంగా తిప్పండి. బోరు నీళ్లున్న చోట తెల్లటి ఉప్పు పొర గరుగ్గా తగులుతుంది. నిమ్మరసంలో ముంచిన గుడ్డతో రుద్దితే కొంత కరుగుతుంది, కత్తితో గీకితే ఇత్తడి మీద గీతలు పడతాయి. గోటికి తగిలే గాడి ఉంటే సీటును చదును చేసే చేతి కట్టర్‌తో రెండు మూడు తేలిక చుట్లు చాలు. ఎక్కువ కోస్తే సీటు కిందికి దిగిపోయి వాషర్ సరిగా నొక్కుకోదు. లోతైన గాడికి కొత్త కుళాయే చవక.

బిగించేటప్పుడు ముందు వేళ్లతో పూర్తిగా తిప్పి, తర్వాత స్పానర్‌తో పావు చుట్టు మాత్రమే ఇవ్వండి. కుళాయి కొంచెం తెరిచి ఉంచి గేట్ వాల్వ్‌ను మెల్లగా వదిలితే గాలి, కోత పొడి బయటికి పోతాయి. ఆ తర్వాత సగం తెరిచి వినండి. ఈల పోయి సన్నని సుయ్యిమనే శబ్దం మాత్రం మిగిలితే అది వాషర్ దోషం కాదు, ఒత్తిడి ఎక్కువగా ఉందని అర్థం. దానికి ఆ అంతస్తు లైన్ మీద ఒత్తిడి తగ్గించే వాల్వ్ వేయించుకోవాలి. కుళాయికి ముందున్న వాల్వ్‌ను సగం మూసి సరిపెడితే అదే చప్పుడు అక్కడికి మారుతుంది.