విశేషణం దారి తప్పిన వాక్యాన్ని సరిచేయడం ఎలా?

కావలసినవి: వాక్యాన్ని అచ్చు తీసిన కాగితం, ఒక పెన్సిలు. తెర మీద చూస్తూ దిద్దకూడదు, కంటికి అన్నీ బాగానే కనిపిస్తాయి.

ముందు వాక్యంలో ఎలాంటి, ఎప్పుడు, ఎలా అనే ప్రశ్నలకు జవాబిచ్చే మాటలన్నిటి కిందా గీత గీయండి. కొత్త, నిన్న, కొట్టిన, నడుపుతున్న, తాగి, నవ్వుతూ లాంటివి. తర్వాత ఒక్కో మాట నుంచి కుడివైపుకు, అది అతుక్కోగల ప్రతి నామానికీ, ప్రతి క్రియకూ ఒక బాణం గీయండి. అర్థం లేని బాణాలు కొట్టేయండి. 'పాత పుస్తకాల షాపు' అంటే ఎవరూ షాపు పాతదనుకోరు, దాన్ని వదిలేయండి. అర్థవంతమైన బాణాలు రెండు మిగిలితేనే పని ఉంది.

"పోలీసులు తాగి బండి నడుపుతున్న కుర్రాణ్ని పట్టుకున్నారు." ఇందులో 'తాగి' అటు నడపడానికీ ఇటు పట్టుకోవడానికీ అతుకుతుంది. పోలీసుల్ని చివరి క్రియ పక్కకు పంపితే సరిపోతుంది: "తాగి బండి నడుపుతున్న కుర్రాణ్ని పోలీసులు పట్టుకున్నారు." ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకాల్లో నేర్చిన సూత్రాలతో తెలుగు వాక్యాన్ని దిద్దేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడ పాఠమంతా 'ఓన్లీ' ఎక్కడ పెట్టాలన్న దాని మీదే. మన 'మాత్రమే' తాను చెప్పే మాటకే తోకలా అంటుకుంటుంది, దానితో పెద్ద పేచీ లేదు. మన పేచీ వేరు. సంస్కృతంలో విశేషణానికి విశేష్యం లింగ వచన విభక్తులే వస్తాయి కాబట్టి ఎంత దూరాన ఉన్నా ఎవరిదో పోల్చుకోవచ్చు. తెలుగు విశేషణానికి ఆ గుర్తులేవీ ఉండవు. అది నిలబడ్డ చోటే దానికి సాక్ష్యం.

ఇక అసలు చిక్కు. ఒక అపార్ట్‌మెంటు నోటీసులో ఇలా ఉందనుకోండి:

"నిన్న తాళం పగలగొట్టిన మూడో అంతస్తు ఫ్లాటు యజమాని కొడుకు ఫిర్యాదు చేశాడు."

'పగలగొట్టిన' నుంచి మూడు బాణాలు వస్తాయి. ఫ్లాటుకు అతికితే ఆ ఫ్లాటులో దొంగలు పడ్డారు. యజమానికి అతికితే ఆయనే దొంగ. కొడుక్కి అతికితే, దొంగే వచ్చి ఫిర్యాదు చేశాడు! 'నిన్న'కు పగలగొట్టడం, ఫిర్యాదు అని రెండు బాణాలు. వెరసి ఆరు అర్థాలు.

ఇక్కడే చాలామంది కొంప ముంచుతారు. తమకు తోచిన అర్థం పట్టుకుని వాక్యాన్ని చక్కగా తిరగరాసేస్తారు. అస్పష్టంగా ఉన్నప్పుడు చదివినవాడికి కనీసం అనుమానం వచ్చేది. ఇప్పుడు తప్పే స్పష్టంగా ఉంది, అనుమానించేవాడు లేడు. అందుకే కలం పెట్టకముందు రాసినాయన్ని అడగండి. "అర్థమేంటండీ?" అని అడిగితే అదే వాక్యం మళ్లీ చదివి వినిపిస్తాడు. "తాళం ఎవరు పగలగొట్టారు? ఎప్పుడు? ఫిర్యాదు ఎప్పుడు ఇచ్చారు?" అని విడివిడిగా అడగాలి.

కామాతో సరిపెట్టొద్దు. 'పగలగొట్టిన' తర్వాత కామా పెడితే అది ఫ్లాటును దాటి పోతుందని కొందరి నమ్మకం. వాచ్‌మన్ నోటీసు పైకి చదివితే ఆ కామా వినపడదు. నా దగ్గర నియమం ఒక్కటే: చదివితే వినపడని దిద్దుబాటు దిద్దుబాటు కాదు.

రాత్రి దొంగలు పడ్డారనీ, ఫిర్యాదు ఈ ఉదయం ఇచ్చారనీ తేలిందనుకుందాం. అప్పుడు వాక్యాన్ని విరగ్గొట్టాలి: "మూడో అంతస్తు ఫ్లాటు తాళాన్ని ఎవరో నిన్న రాత్రి పగలగొట్టారు. ఆ ఫ్లాటు యజమాని కొడుకు ఈ ఉదయం ఫిర్యాదు చేశాడు." కాలం చెప్పే మాట ప్రతిసారీ తన క్రియకు దగ్గరగా, ఆ వాక్యంలోనే ఉంది. రెండో వాక్యాన్ని "అతను ఫిర్యాదు చేశాడు" అని కుదించకండి. 'ఎవరో' ఇప్పుడే వచ్చి వెళ్లాడు, 'అతను' పోయి వాడికే అతుక్కుంటుంది. పునరుక్తి దోషమని పండితులు అంటే అననీయండి.

దిద్దాక మళ్లీ బాణాలు గీయాలి. ఒక మాటను జరిపితే ఇంకోదానికి కొత్త దారి తెరుచుకోవడం మామూలే. "పనులు మొదలవుతాయని మంత్రి సోమవారం చెప్పారు" అన్నప్పుడు సోమవారం చెప్పడానికి అతుకుతుంది. "పనులు సోమవారం మొదలవుతాయని మంత్రి చెప్పారు" అంటే మొదలవడానికి. రెండూ శుభ్రమైన వాక్యాలే, వార్తలు మాత్రం వేరు.

అడగడానికి మనిషి దొరక్కపోతే, అనుమానమున్న ముక్క తీసేసి "మూడో అంతస్తు ఫ్లాటు నుంచి ఫిర్యాదు వచ్చింది" అని తెలిసినంతే రాయండి. రిజిస్టరైన దస్తావేజులో ఇలాంటి వాక్యం కనిపిస్తే మాత్రం పెన్సిలు కూడా ముట్టించకండి. దానికి రాసుకున్న వాళ్లంతా కలిసి సవరణ దస్తావేజు చేయించుకోవాలి.