వార్షికోత్సవంలో స్పోర్ట్స్ కెప్టెన్ ప్రసంగం – 4వ పాఠం: థ్యాంక్స్ ఎవరికి, ఏం చేసినందుకు?

కిందటి పాఠంలో వేదిక మీది పెద్దలను పలకరించడం, ఏడాది ఆటల లెక్కను నాలుగు వాక్యాల్లో చెప్పడం చూశాం. ఇక థ్యాంక్స్ చెప్పే భాగం. జట్టుకీ కోచ్‌కీ ఎవరైనా ఏదో ఒకటి చెప్పేస్తారు. జూనియర్ల దగ్గరికొచ్చేసరికి మాట దొరకదు. అందుకని ముందు వాళ్లనే పట్టుకుందాం.

గుంటూరులో ఒక హైస్కూలు, అమ్మాయిల కబడ్డీ జట్టు అనుకోండి. కెప్టెన్ పదో తరగతి. ఆమె చిత్తుప్రతిలో ఇలా ఉంది: “మాకు ఎంతగానో సహకరించిన జూనియర్లందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు.” కబడ్డీ తీసేసి క్రికెట్ అనుకున్నా, సైన్స్ ఫెయిర్ అనుకున్నా ఈ వాక్యం చెక్కుచెదరదు. అంటే ఇందులో ఆ పిల్లలు లేరన్నమాట.

దీన్ని బాగుచేయడానికి ఒక్క ప్రశ్న చాలు: జూనియర్లు రాని రోజు మన ప్రాక్టీసులో ఏది ఆగిపోయేది? లెక్క చూడండి. జట్టులో 12 మంది. 7గురు కోర్టులో డిఫెన్స్‌కి నిలబడితే రైడ్‌కి మిగిలేది 5గురే. ఆ 5గురూ ఎటు అడుగేస్తారో, ఎప్పుడు వెనక్కి తిరుగుతారో మిగతా అందరికీ కంఠతా వచ్చు. వాళ్లను పట్టుకోవడం నేర్చుకుంటే మ్యాచ్‌లో కొత్త రైడర్ ముందు తెల్లమొహం వేయాల్సిందే. ఆ లోటు తీర్చింది ఎనిమిదో తరగతి పిల్లలు. ఈ సంగతి గుర్తొచ్చాక కెప్టెన్ మళ్లీ రాసింది:

“ఎనిమిదో తరగతి చెల్లెళ్లూ, స్కూలు వదిలాక మీరు ఇంటికెళ్లకుండా ఆగి, కూత పెట్టుకుంటూ మా మీదికి రైడ్‌కొచ్చారు. మేం పట్టుకుని పడేస్తే మోకాళ్లు దులుపుకుని మళ్లీ వచ్చారు. మా కార్నర్లు చీలమండ పట్టు నేర్చుకుంది మీ కాళ్ల మీదే!”

చివరి వాక్యానికి నవ్వొస్తుంది. రానివ్వండి, ఆ నవ్వు ఆగాకే తర్వాతి మాట ఎత్తుకోండి. ఈ మూడు వాక్యాలు చెప్పేటప్పుడు మొహం వేదిక వైపు కాదు, ముందు పట్టాల మీద కూర్చున్న పిల్లల వైపు ఉండాలి. మైకు స్టాండుకి బిగించి ఉంటే ఒక అడుగు పక్కకి జరిగి నిలబడితే సరిపోతుంది.

కోచ్ విషయంలోనూ అదే ప్రశ్న. “క్రమశిక్షణ నేర్పారు” అనకండి, అది ప్రిన్సిపాల్‌గారు ఎలాగూ అంటారు. సారు చెప్పిన ఒక్క ఆటమాట వెతకండి: “కోర్టులో ముగ్గురమే మిగిలితే భయపడేవాళ్లం. ‘ముగ్గురున్నప్పుడు పట్టుకుంటే ఒక పాయింటు అదనం, అదే మీకు అవకాశం’ అని మా పీఈటీ సారు చెప్పారు. అప్పట్నుంచి ముగ్గురమైతే మాకు హుషారు.” సూపర్ క్యాచ్ అనే పేరు ఇక్కడ వాడలేదు చూడండి. తల్లిదండ్రుల్లో సగంమందికి అది తెలియదు. నియమం ఒక ముక్కలో చెబితే వాళ్లూ ఆటలోకొస్తారు. ఇంకో జాగ్రత్త: వేదిక మీద సార్లు చాలామంది ఉంటారు. ఉత్త “సార్” అంటే ముఖ్య అతిథి తల ఊపేస్తారు. “మా పీఈటీ ఫలానాగారు” అని పేరుతో మొదలుపెట్టి, తర్వాత “సారు” అనండి.

జట్టు దగ్గర నాదొక పట్టుదల. రైడ్లు చేసి పాయింట్లు తెచ్చినవాళ్ల పేర్లు బహుమతుల దగ్గర ఎలాగూ పిలుస్తారు. మీరు బెంచీ మీది 5గురి పేర్లు చెప్పండి, మిగతా 6గురిని “కోర్టులో నాతో నిలబడ్డవాళ్లు” అని కలిపి చెప్పేయండి. కానీ 5గురిలో నలుగుర్ని చెప్పి ఒకరిని మరిచిపోతే, అసలు చెప్పకపోయినా బాగుండేది. టోర్నమెంటుకి పంపిన జట్టు లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కో పేరూ టిక్ పెట్టుకోండి, జ్ఞాపకాన్ని నమ్మొద్దు.

ఇక సమయం. డాన్సులు సాగి, అతిథి ఆలస్యమై, యాంకర్ మీ చెవిలో “రెండు నిమిషాల్లో ముగించమ్మా” అనడం ఖాయం. అందుకే కాగితం మీద వదిలేయదగ్గ వాక్యాల పక్కన ముందే పెన్సిల్ గీత పెట్టుకోండి. మొదట పోవాల్సింది ఆటల లెక్క. అది ప్రిన్సిపాల్‌గారి వార్షిక నివేదికలో ఉంటుంది. తర్వాత కోచ్ భాగాన్ని రెండు వాక్యాలకు కుదించండి. జూనియర్ల మూడు వాక్యాల మీద మాత్రం గీత పడకూడదు, వాళ్ల గురించి ఆ సాయంత్రం ఇంకెవరూ మాట్లాడరు.

ఈ వారం పని: మీ ఆటలో జూనియర్లు రాకపోతే ఆగిపోయే పని ఒకటి రాయండి. దాని కింద మూడు వాక్యాలు. రాశాక ఆ పిల్లల్లో ఒకరికి చదివి వినిపించండి. “అవునక్కా, ఆ రోజు వాన కూడా పడింది” అని వాళ్లే ఇంకోటి కలిపితే దాన్నీ రాసుకోండి. మొహమాటంగా నవ్వి ఊరుకుంటే మళ్లీ రాయండి. 5వ పాఠంలో కాగితం చూడకుండా మాట్లాడటం మొదలుపెడదాం.