సింగపూర్ విమానం ఎక్కే ముందు మన సిమ్ నోరు కట్టండి

మా పర్లాకిమిడి వాళ్ళకి రోమింగ్ అనే మాట కొత్త కాదు. పాతపట్నం పక్కనే కదా, ఒకప్పుడు ఇంటి గుమ్మంలో నిలబడి మాట్లాడుతుంటేనే ఫోను ఆంధ్రా టవరు పట్టేసేది. ఒడిశా సర్కిల్ సిమ్‌కి రోమింగ్ కింద డబ్బులు తెగిపోయేవి. గడప దాటకుండానే వేరే రాష్ట్రంలో ఉన్నట్టు లెక్క. దేశం లోపల ఆ బెడద పోయి చాన్నాళ్ళయింది, మనమూ మరిచిపోయాం. ఇప్పుడు సెలవులు రాగానే విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో అమ్మానాన్నల్ని, పిల్లల్ని తీసుకుని సింగపూర్ ఎక్కేస్తున్నారు. ఆ మరిచిపోయిన బెడద అక్కడ పదింతలై ఎదురవుతుంది.

దీనికి అందరూ చెప్పే ఉపాయం ఒకటే. దిగగానే అక్కడి టూరిస్ట్ సిమ్ ఒకటి కొని, ఒక ఫోన్లో వేసి, హాట్‌స్పాట్ పెట్టి ఇంటిల్లిపాదికీ నెట్ ఇవ్వడం. మంచి ఉపాయమే, మేమూ అదే చేశాం. ఆరుగురం, ఆరు ఫోన్లు, పిల్లల ట్యాబ్ ఒకటి. అయినా తిరిగొచ్చాక మా ఆవిడ పోస్ట్‌పెయిడ్ నెంబరుకి ఆరు వేల చిల్లర బిల్లొచ్చింది. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు మాదే. హాట్‌స్పాట్ నెట్ ఇస్తుందే తప్ప, మిగతా ఫోన్లలో ఉన్న మన సిమ్‌ని ఆపదు. ఆపాల్సింది మనం, అదీ ఇంట్లో ఉండగానే.

ఎలా జరిగిందో చెబితే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. బ్యాంకు ఓటీపీలు రావాలని బయల్దేరే ముందు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఆవిడ నెంబరుకి ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించాను. అంతవరకు బాగానే ఉంది. ఆ ఊపులో ఫోన్ సెట్టింగుల్లో కనిపించిన `Data Roaming` కూడా నొక్కేశాను. రోమింగ్ అంటే రోమింగే కదా అనుకున్నాను. ఈ రెండూ వేరు. కంపెనీ వాళ్ళు ఆన్ చేసేది మన నెంబరు విదేశంలో టవరు పట్టుకోవడానికి అనుమతి. ఓటీపీ మెసేజ్ రావాలంటే అది చాలు. ఫోన్లో ఉన్న మీట ఆ టవరు మీద ఇంటర్నెట్ వాడటానికి. ఓటీపీకి దానితో పని లేదు. మొదటిది కావాలి, రెండోది ఆపాలి.

సెంటోసా దీవిలో నేను టికెట్ల క్యూలో నిలబడ్డాను, హాట్‌స్పాట్ ఫోను నా జేబులో ఉంది. ఆవిడ పిల్లల్ని తీసుకుని నీడకి వెళ్ళింది. హాట్‌స్పాట్ అందేది మహా అయితే పది, పదిహేను మీటర్లు. మధ్యలో గోడ అడ్డొస్తే అదీ లేదు. వైఫై తెగిన మరుక్షణం ఆవిడ ఫోను మన సిమ్ మీదకి మారిపోయింది. ఎవరినీ అడగదు, ఏ గంటా మోగదు. వాట్సాప్‌లో ఫోటోలు వెళ్తూనే ఉన్నాయి కాబట్టి ఆవిడకీ అనుమానం రాలేదు. ఆ కాసేపటికే ఆ బిల్లు. నెట్ ఆగిపోయి ఉంటే విసుక్కునేవాళ్ళం, కానీ డబ్బులు మిగిలేవి.

అందుకని బయల్దేరే ముందు రోజు రాత్రి ఫోన్లన్నీ భోజనాల బల్ల మీద వరసగా పెట్టండి. హాట్‌స్పాట్ ఇవ్వబోయే ఫోను తప్ప మిగతా ప్రతి ఫోన్లో మన సిమ్‌కి `Data Roaming` ఆఫ్, `Mobile Data` కూడా ఆఫ్. ఒకటి చాలదా అంటే చాలుతుంది. కానీ పిల్లలు గేమ్ రావట్లేదని ఏదో ఒకటి నొక్కుతారు, రెండో తాళం ఉండాలి. రెండు సిమ్‌లున్న ఫోనైతే రోమింగ్ మీట ఏ సిమ్‌కి ఆ సిమ్‌కి విడిగా ఉంటుంది, రెండూ చూడండి. ఇది విమానంలో చేద్దామనుకోకండి. ఫ్లైట్ మోడ్ తీయగానే ఫోను టవరు వెతుక్కుంటుంది, మీ వేలు సెట్టింగు దాకా వెళ్ళేలోపు అది పని మొదలుపెడుతుంది.

హాట్‌స్పాట్ ఇచ్చే ఫోను సంగతి కొంచెం వేరు. అందులో మన సిమ్, అక్కడి సిమ్ రెండూ ఉంటే డేటా అక్కడి సిమ్‌కి కేటాయించి, మన సిమ్‌కి `Data Roaming` ఆఫ్ చేసి ఫోన్‌కీ మెసేజ్‌కీ మాత్రమే ఉంచుకుంటాం. ఇక్కడ ఒక దొంగ మీట ఉంది. ఐఫోన్లో `Allow Mobile Data Switching` అని ఉంటుంది, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో `Auto data switching` లాంటి పేరుతో ఉంటుంది. ఒక సిమ్‌కి సిగ్నల్ తగ్గితే రెండో సిమ్ డేటా వాడుకోమని దాని అర్థం. ఇంటి దగ్గర వరమే, అక్కడ శాపం. ఆఫ్ చేసేయండి. నన్నడిగితే ఇంట్లో మూలన పడున్న పాత 4జీ ఫోను ఏదైనా ఉంటే అక్కడి సిమ్ ఒక్కటే అందులో వేసి హాట్‌స్పాట్‌కే కేటాయించడం మేలు. మన సిమ్ అందులో ఉండదు కాబట్టి పొరపాటుకి చోటే లేదు. మీ ఫోను బ్యాటరీ కూడా మధ్యాహ్నానికే అయిపోదు. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెకిన్ సామానులో వేయనివ్వరు.

పాత ఫోనంటే బటన్ ఫోను కాదు. సింగపూర్‌లో 2జీ 2017లోనే ఆపేశారు, 3జీ 2024లో ఆపారు. మా నాన్న తన చిన్న ఫోనే కావాలని పట్టుబట్టి తెచ్చుకున్నారు. ఆరు రోజులూ దానికి సిగ్నల్ గీత ఒక్కటి రాలేదు. ఆయన మాత్రం రోజూ దాన్ని చార్జింగ్ పెట్టారు.

ఇంట్లోనే చేసుకోగల ఇంకో పని ఉంది, ఇది చాలామందికి తట్టదు. హాట్‌స్పాట్ పేరు, పాస్‌వర్డ్ ఫోనువి, సిమ్‌వి కావు. కాబట్టి ఆ రాత్రే మన సిమ్‌తోనే హాట్‌స్పాట్ పెట్టి అందరి ఫోన్లనీ దానికి కలిపేయండి. అక్కడికెళ్ళి సిమ్ మార్చినా పేరు అదే, పాస్‌వర్డ్ అదే. అన్నీ వాటంతటవే కలిసిపోతాయి. విమానాశ్రయంలో నిద్రకళ్ళతో అమ్మ ఫోన్లో పాస్‌వర్డ్ కొట్టే అవస్థ తప్పుతుంది. ఏదైనా పాత ఫోనుకి ఐఫోన్ హాట్‌స్పాట్ కనిపించకపోతే `Maximize Compatibility` ఆన్ చేయండి. అప్పుడు పాత రకం 2.4 గిగాహెర్ట్జ్‌లో ఇస్తుంది.

ఇక కలిసిన తర్వాత వచ్చే చిక్కు. హాట్‌స్పాట్‌ని మిగతా ఫోన్లు వైఫై అనుకుంటాయి. ఫోన్లో మనం 'వైఫై దొరికినప్పుడు చెయ్యి' అని ఎప్పుడో వదిలేసిన పనులుంటాయి కదా, ఫోటోల బ్యాకప్, యాప్‌ల అప్‌డేట్లు, అవన్నీ ఒక్కసారిగా లేస్తాయి. మేం ముందు చవగ్గా ఉందని పది జీబీ ప్యాక్ తీసుకున్నాం. మొదటి రోజు సాయంత్రానికే సగానికి పైగా ఖాళీ. ఎవరు తాగేశారా అని చూస్తే అమ్మ ఫోను. పొద్దుట మెర్లయన్ సింహం బొమ్మ నోట్లోంచి నీళ్ళు పడుతుంటే అమ్మ వీడియో మీద వీడియో తీసింది. నిమిషం వీడియో ఐఫోన్లో మామూలు హెచ్‌డీ అయితే 60 ఎంబీ, 4కే పెట్టి తీస్తే 170 దాకా ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఇంతకి తగ్గదు. అలాంటివి ముప్పై ఉన్నాయనుకోండి, బ్యాకప్‌కే రెండు జీబీ నుంచి ఐదు జీబీ. అమ్మ పాపం ఒక్క పాట కూడా వినలేదు.

దీనికి మందు ఆ ఫోన్లలోనే ఉంది. ఆండ్రాయిడ్‌లో కలిసిన వైఫై పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కితే `Treat as metered` అనో `Metered network` అనో ఉంటుంది, అది ఎంచుకుంటే లెక్కపెట్టి ఇచ్చే నెట్ ఇది అని ఫోనుకి అర్థమవుతుంది. ఐఫోన్లో `i` గుర్తు నొక్కి `Low Data Mode` ఆన్ చేయాలి. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి ఇస్తే చాలాసార్లు తనే పోల్చుకుంటుంది. ఐఫోన్ నుంచి ఆండ్రాయిడ్‌కి ఇచ్చేటప్పుడు మాత్రం ఆ నమ్మకం పెట్టుకోవద్దు, చేత్తో చేయండి. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఆ వారం పూర్తిగా ఆపేయండి, హోటల్ వైఫైలో రాత్రి చూసుకోవచ్చు. కౌంటర్లో పెద్ద ప్యాక్ తీసుకుంటే ఈ తిప్పలు తక్కువ. ధర తేడా చూసుకుని నిర్ణయించుకోండి.

కౌంటర్లో పాస్‌పోర్టు అడుగుతారు, చేతిలో ఉంచుకోండి. సిమ్ వేసి ఇవ్వగానే కదిలిపోకండి. ఆ ఫోన్లో నెట్ రావడం ఒకటి, హాట్‌స్పాట్ ద్వారా రెండో ఫోనుకి వెళ్ళడం ఇంకొకటి. కొన్ని ప్యాక్‌లు హాట్‌స్పాట్‌ని ఒప్పుకోవు. అక్కడే రెండో ఫోన్లో ఒక పేజీ తెరిచి చూపించమనండి. ఆ రెండో ఫోన్లో పైన చెప్పిన రెండు మీటలూ ఆఫ్‌లో ఉన్నాయో లేదో ముందు కళ్ళతో చూసుకోండి. రోమింగ్ ఆగిందా లేదా అని పేజీ తెరిచి పరీక్షించకూడదు. ఆగకపోతే ఆ పరీక్షకే బిల్లు పడుతుంది.

అక్కడా సరిహద్దు గొడవ ఉంది, మనవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. సింగపూర్ ఉత్తరాన ఉడ్‌లాండ్స్ వైపు వెళ్తే సన్నటి జలసంధి అవతల మలేషియా. ఫోను మలేషియా టవరు పట్టేస్తుంది, అచ్చం మన పాతపట్నం టవరులాగే. అందుకని సింగపూర్ సిమ్‌కి కూడా `Data Roaming` ఆఫ్‌లోనే ఉంచండి. మలేషియా కూడా కలిసొచ్చే ప్యాక్ అయితే తప్ప. నెట్ ఆగితే నెట్‌వర్క్ ఎంపిక ఆటోమేటిక్ తీసేసి ఆ సింగపూర్ సిమ్ కంపెనీ పేరు చేత్తో ఎంచుకోండి.

ఆరుగురికి ఒక సిమ్ చాలుతుందా అంటే, ఆరుగురూ ఒకేచోట ఉన్నంతసేపే. ఎమ్మార్టీ అనే అక్కడి మెట్రో రైలు స్టేషన్లో తలుపులు మూసుకుని మా పెద్దాడు, నాన్న లోపల, మేం బయట ఉండిపోయాం. వాళ్ళ దగ్గర నెట్ లేదు, మన సిమ్‌తో ఫోన్ చేస్తే నిమిషానికి ఎంత పడుతుందో అని మాకు భయం. తర్వాతి స్టేషన్లో దిగి నిలబడాలన్న బుద్ధి పిల్లాడికి ఉంది కాబట్టి సరిపోయింది. పెద్దవాళ్ళు, పిల్లలు విడిపోయే అవకాశం ఉంటే రెండో సిమ్ కొనేయండి. అది పొదుపు చేసే చోటు కాదు.

ఊళ్ళో చుట్టాలకి వాట్సాప్‌లోనే చేయమని ముందే చెప్పండి. మన నెంబరుకి వచ్చిన ఫోన్ ఎత్తితే ప్యాక్ లేనివాళ్ళకి నిమిషం చొప్పున పడుతుంది. కొత్త సిమ్ చూసి వాట్సాప్ నెంబరు మారుస్తావా అని అడిగితే వద్దనండి, పాత నెంబరుతోనే నడుస్తుంది. యూపీఐ యాప్ మళ్ళీ రిజిస్టర్ అవమంటే అక్కడ చేయకండి, మన సిమ్ నుంచి మెసేజ్ పంపుతుంది, అది విదేశీ రేటు.

తిరిగి విశాఖలో దిగాక ఆపినవన్నీ మళ్ళీ తెరవాలి. రోమింగ్ కాదు, మొబైల్ డేటా. మేం మరిచిపోయాం. పాతపట్నం దాటుతుండగా వెనక సీట్లోంచి నాన్న అందుకున్నారు, "ఆ దేశంలో నెట్టొచ్చింది గానీ మనూరొచ్చేసరికి పోయిందేట్రా?"